డార్మెంట్ అయిన సేవింగ్స్ అకౌంట్ క్లోజ్ చేయించి డబ్బు మన ఖాతాలోకి తెచ్చుకోవడం ఎలా

పాత పాస్‌బుక్ ఒకటి బీరువాలో దొరుకుద్ది, అందులో పది పదిహేను వేలు ఉంటాయి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. మా అమ్మ ఖాతా అలాంటిదే. తణుకులో ఉన్నప్పుడు తెరిచింది, 2019 ఆగస్టులో చివరిసారి డబ్బు తీసింది, తర్వాత మా దగ్గరకి హైదరాబాద్ వచ్చేసింది, ఇంక ఆ ఖాతా సంగతే మర్చిపోయాం. దాన్ని క్లోజ్ చేయించడానికి రెండుసార్లు తణుకు వెళ్లాల్సొచ్చింది. మొదటిసారి పని అవ్వకపోవడానికి కారణం ఒక్కటే, మేం ఫారం ఇచ్చి, చేతికి ఏ ఆధారం తీసుకోకుండా వాళ్ల నోటిమాట నమ్మి వచ్చేశాం. రెండోసారి ఒక్క కాగితం సరిగ్గా రాసుకెళ్లాం, వారం రోజుల్లో అయిపోయింది. ఆ కాగితంలో ఏం రాయాలి, ఏం చేతికి తీసుకుని బయటకి రావాలి అనేదే ఇక్కడ చెప్తున్నా.

ముందు ఖాతా ఏ స్థితిలో ఉందో తెలుసుకోండి

రెండేళ్లకు మించి మీరు చేసిన లావాదేవీ ఏదీ లేకపోతే బ్యాంకు ఆ ఖాతాని ఇనాపరేటివ్ కింద పెడుతుంది, కౌంటర్లో మాత్రం అందరూ డార్మెంట్ అనే అంటారు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే మూడు నెలలకోసారి వడ్డీ పడుతోంది కదా, ఖాతా నడుస్తున్నట్టే కదా అనుకుంటారు. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ, కోసుకునే ఛార్జీలు లెక్కలోకి రావు, మీరు వేసిందో తీసిందో చేయించిందో ఉండాలి.

రిజర్వ్ బ్యాంక్ 2024 జనవరి 1న ఇచ్చిన ఆదేశాలు అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో మనకి పనికొచ్చేవి నాలుగు. డార్మెంట్ అయినా సేవింగ్స్ ఖాతాకి వడ్డీ వెయ్యాల్సిందే. డార్మెంట్‌గా ఉన్న కాలంలో మినిమమ్ బ్యాలెన్స్ లేదని పెనాల్టీ కొయ్యకూడదు. తిరిగి యాక్టివేట్ చేసినందుకు ఛార్జీ తీసుకోకూడదు. కాగితాలన్నీ సరిగ్గా ఇచ్చాక మూడు పనిదినాల్లో యాక్టివేట్ చెయ్యాలి. ఈ నాలుగూ గుర్తుంటే కౌంటర్ దగ్గర ఎవరేం చెప్పినా తడబడరు.

పదేళ్లు దాటితే ఆ డబ్బు డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్ అని రిజర్వ్ బ్యాంక్ దగ్గరున్న నిధికి వెళ్తుంది. అయినా డబ్బు పోయినట్టు కాదు, మీరు అడగాల్సింది మీ బ్యాంకునే, వాళ్లు మీకిచ్చేసి తర్వాత ఆ నిధి నుంచి తెప్పించుకుంటారు. అలాంటి ఖాతా ఏ బ్యాంకులో ఉందో కూడా గుర్తులేకపోతే udgam.rbi.org.in లో పేరు, పాన్ లాంటి వివరాలతో వెతకొచ్చు.

పాస్‌బుక్ మీదున్న బ్యాంకు ఇప్పుడు లేకపోతే కంగారుపడకండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, సిండికేట్ బ్యాంక్ అదే రోజున కెనరాలో కలిసింది. కలుపుకున్న బ్యాంకు శాఖకి పాత పాస్‌బుక్ పట్టుకెళ్తే వాళ్ల సిస్టంలో వెతికి ఇస్తారు.

వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సింది

ఆ ఖాతాకి ఇంకా ఏం తగులుకుని ఉన్నాయో చూడండి. గ్యాస్ సబ్సిడీ, పింఛను, పీఎం కిసాన్ లాంటివి ఆధార్ ద్వారా వచ్చేవైతే ఆధార్‌కి ఏ బ్యాంకు సీడ్, అంటే లింక్, అయి ఉందో మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. పాత బ్యాంకు పేరు కనిపిస్తే ముందు కొత్త బ్యాంకులో సీడింగ్ మార్పించుకుని, అది మారినట్టు కనిపించాకే క్లోజర్‌కి వెళ్లండి. ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్, పీఎఫ్, మ్యూచువల్ ఫండ్ సిప్, ఎల్‌ఐసీ ప్రీమియం, లాకర్ అద్దె, ఇవన్నీ కూడా ఒకసారి గుర్తు చేసుకోండి, లాకర్ ఉంటే దాని అద్దె ఖాతా మార్చేదాకా క్లోజ్ చెయ్యరు.

గుర్తింపు కాగితాలు, అసలు చిక్కు ఇక్కడే

డార్మెంట్ ఖాతాని నేరుగా క్లోజ్ చెయ్యమంటే మామూలుగా చెయ్యరు, ముందు కేవైసీ కొత్తగా తీసుకుని యాక్టివ్ చేస్తారు, ఆ తర్వాతే క్లోజ్. అంటే రెండు పనులు. కేవైసీ ఇచ్చి యాక్టివేట్ చేయించుకోవడం ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా చెయ్యొచ్చు, ఆ సౌకర్యం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. క్లోజర్ మాత్రం చాలా చోట్ల ఖాతా తెరిచిన శాఖకే రమ్మంటారు, అందుకే ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లడం మంచిది.

తీసుకెళ్లాల్సింది పాన్ కార్డు, దానితో పాటు ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు వీటిలో ఏదో ఒకటి. ఒరిజినల్స్ తప్పకుండా ఉండాలి, జెరాక్స్‌లు వాళ్లు తీసుకుంటారు, ఒరిజినల్ చూసి మనకి తిరిగిస్తారు. పాన్ లేకపోతే పాన్ లేదని తెలిపే ఫారం ఇవ్వొచ్చు. రేషన్ కార్డు ఈ లిస్టులో లేదు, మా ఊళ్లో చాలామంది అదే పట్టుకెళ్లి వెనక్కొస్తారు, పాపం. పెద్దవాళ్లకి వేలిముద్ర మెషీన్ మీద పడకపోవడం మామూలే కాబట్టి ఆధార్ ఒక్కటే నమ్ముకోకుండా ఓటరు కార్డు కూడా జేబులో పెట్టుకోండి. రెండు ఫొటోలు, పాత పాస్‌బుక్, మిగిలిపోయిన చెక్కులు, పాత ఏటీఎం కార్డు కూడా.

ప్రతి జెరాక్స్ మీద అడ్డంగా పెన్నుతో ఇలా రాసి సంతకం చేసి తేదీ వెయ్యండి: "చివరి నాలుగు అంకెలు ఫలానా ఉన్న ఖాతా యాక్టివేషన్, మూసివేత కోసం మాత్రమే". ఆధార్‌ది అయితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ తీసుకుంటే ఇంకా మంచిది.

ఇంక సంతకం. అమ్మ ఖాతా తెరిచినప్పుడు ఇంటిపేరు మొత్తం రాసి చివరి అక్షరం కింద పొడుగ్గా గీత లాగేది, ఇప్పుడు చెయ్యి వణికి పేరు ఒక్కటే రాస్తుంది. ఆఫీసర్ గారు స్క్రీన్ మీద పాత సంతకం తెరిచి, అమ్మ రాసిన కాగితం దాని పక్కన ఎత్తి పట్టుకుని రెండు మూడుసార్లు అటూ ఇటూ చూశారు. "కలవట్లేదమ్మా" అన్నారు. ఇలాంటప్పుడు పాత సంతకంలా పెట్టాలని పదిసార్లు కష్టపడకండి, ప్రతిసారీ ఇంకా తేడా వస్తుంది. సంతకం మార్పు కోసం విడిగా ఒక ఫారం ఉంటుంది, ఆఫీసర్ ఎదురుగా కొత్త సంతకం పెట్టి ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తే రికార్డులో మారుస్తారు. అది మొదట చేయించుకుని, క్లోజర్ ఉత్తరం మీద ఆ కొత్త సంతకమే పెట్టండి.

పేరులో తేడా ఉంటే, అంటే పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఒక వాక్యం ఉత్తరంలోనే రాసేయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ కానీ గెజిట్ కానీ పెట్టుకోవాలి. జాయింట్ ఖాతా అయితే డబ్బు తియ్యడానికి ఒకరి సంతకం సరిపోయినా క్లోజ్ చెయ్యడానికి అందరి సంతకాలూ అడుగుతారు, కాబట్టి ఇద్దరూ కలిసే వెళ్లండి.

ఉత్తరం, మాట మాట ఇలాగే

బ్యాంకు ఫారం ఎలాగూ నింపిస్తారు, అది నింపండి, కానీ దానికి తోడు మీ ఉత్తరం కూడా ఇవ్వండి. ఫారంలో క్లోజ్ చెయ్యమని ఉంటుంది గానీ ధ్రువీకరణ రాసి ఇవ్వమని ఉండదు. మేం మొదటిసారి, 2024 సంక్రాంతికి వెళ్లినప్పుడు, ఫారం నింపి కౌంటర్లో ఇచ్చాం, "మీరు వెళ్లండమ్మా, అయిపోతుంది" అన్నారు, నమ్మి వచ్చేశాం. ఎండాకాలం వెళ్లిపోయింది, డబ్బు రాలేదు, ఫోన్ చేస్తే అలాంటి ఫారం ఏదీ మా దగ్గర లేదే అన్నారు. మా చేతిలో చూపించడానికి చిన్న ముక్క కాగితం కూడా లేదు.

రెండోసారి రాసిన ఉత్తరం ఇది, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి.

"తేదీ: ……
బ్రాంచ్ మేనేజర్ గారికి,
…… బ్యాంకు, …… శాఖ.

విషయం: సేవింగ్స్ ఖాతా నంబరు …… ను తిరిగి యాక్టివేట్ చేసి, మూసివేసి, నిల్వను బదిలీ చేయమని కోరుతూ.

అయ్యా,

పై ఖాతా నా పేరున ఉంది. చాలాకాలంగా లావాదేవీలు లేక ఇనాపరేటివ్ అయింది. కేవైసీ పత్రాలు దీనితో జతచేశాను, ఒరిజినల్స్ తనిఖీకి చూపించాను. పాస్‌బుక్‌లో ఉన్న …… అనే పేరు, ఆధార్‌లో ఉన్న …… అనే పేరు రెండూ నావే.

దయచేసి ఖాతాను యాక్టివేట్ చేసి, మూసివేసే రోజు వరకు వచ్చే వడ్డీ కలిపి మొత్తం సొమ్మును నా పేరునే ఉన్న కింది ఖాతాకు నెఫ్ట్ ద్వారా పంపి, ఆ తర్వాత ఈ ఖాతాను శాశ్వతంగా మూసివేయగలరు.
బ్యాంకు, శాఖ: ……
ఖాతా నంబరు: ……
ఐఎఫ్ఎస్‌సీ: ……

నెఫ్ట్ తిరిగి వస్తే నా ఫోన్ నంబరుకు తెలియజేయగలరు. ఇనాపరేటివ్‌గా ఉన్న కాలంలో మినిమమ్ బ్యాలెన్స్ పెనాల్టీ ఏదైనా తీసుకుని ఉంటే తిరిగి జమచేయగలరు.

ఖాతా మూసివేసిన తేదీ, పంపిన మొత్తం, యూటీఆర్ నంబరు, నిల్వ సున్నా అని తెలుపుతూ రాతపూర్వక ధ్రువీకరణ ఇవ్వగలరు. చివరి లావాదేవీ నుంచి మూసివేత వరకు స్టేట్‌మెంట్ కూడా ఇవ్వగలరు.

జతచేసినవి: …… (చెక్కులు …… నుంచి …… వరకు, ఏటీఎం కార్డు ముక్కలు చేసి)
సంతకం, పేరు, ఫోన్, చిరునామా"

మన రెండు రాష్ట్రాల్లో తెలుగు ఉత్తరం తీసుకుంటారు, బయట రాష్ట్రంలో శాఖ అయితే ఇదే ఇంగ్లీషులో రాసుకోండి.

ఇందులో "వడ్డీ కలిపి" అన్న మాట వదలకండి. "నా పేరునే ఉన్న" అన్నది కూడా, ఎందుకంటే కొడుకు ఖాతాకో కూతురి ఖాతాకో పంపమంటే చాలా శాఖలు ఒప్పుకోవు, ముందు మీ ఖాతాలో పడ్డాక మీరు ఎవరికైనా పంపుకోండి. ఆ ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు గానీ పాస్‌బుక్ మొదటి పేజీ జెరాక్స్ గానీ జతచెయ్యండి. ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి, అందులో ఐదోది ఎప్పుడూ సున్నా, ఓ అక్షరం కాదు. చేత్తో రాసేటప్పుడు ఇక్కడే తేడా వస్తుంది. క్లోజర్ సొమ్ము కొన్నిచోట్ల ముందు బ్యాంకు సొంత అంతర్గత ఖాతాలోకి వెళ్లి అక్కడి నుంచి నెఫ్ట్ అవుతుంది, ఒక్క అంకె తప్పు పడి నెఫ్ట్ తిరిగొస్తే మీ ఖాతా మూసేసి ఉంటుంది, డబ్బు అక్కడే కూర్చుంటుంది, ఎవరూ పట్టించుకోరు. అందుకే ఆ తిరిగి వస్తే అన్న వాక్యం.

రెండు కాపీలు, ఒక ముద్ర

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చేసి రెండోదాని మీద బ్యాంకు రౌండ్ సీలు, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం వేయించుకోండి. ఇది అడిగితే కొందరు విసుక్కుంటారు, "దీనికెందుకమ్మా ఇవన్నీ" అంటారు. అమ్మ అయితే నిలబడి నెమ్మదిగా "ముద్ర వెయ్యి బాబూ, మళ్లీ ఇంత దూరం రాలేను" అంది, ఆయన వేసేశారు. కౌంటర్లో వెయ్యనంటే మేనేజర్ గారి దగ్గరకి వెళ్లండి, ఆయనా కాదంటే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్ట్‌లో శాఖకి పంపి రసీదు దాచుకోండి, శాఖ ఈమెయిల్‌కి కూడా ఫొటో తీసి పంపండి. తేదీ పడిన ఆధారం ఒకటి ఉండాలి, మూడు పనిదినాల లెక్క దాని మీదే నడుస్తుంది.

పాస్‌బుక్ వాళ్లకి ఇచ్చేముందు మిగిలిన ఎంట్రీలన్నీ ప్రింట్ చేయించి ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. కొన్ని బ్యాంకులు క్లోజ్డ్ అని ముద్ర వేసి తిరిగిస్తాయి, కొన్ని ఉంచేసుకుంటాయి.

మాకు ఎలా జరిగింది, లెక్కతో సహా

2025 ఫిబ్రవరి 10, సోమవారం పొద్దున కేవైసీ, సంతకం మార్పు, ఉత్తరం అన్నీ ఒకేసారి ఇచ్చాం. గురువారం మధ్యాహ్నం యాక్టివేట్ అయిందని అమ్మ ఫోన్‌కి ఎస్ఎంఎస్ వచ్చింది. నంబరు కూడా ఆ రోజే అప్‌డేట్ చేయించాం కాబట్టి వచ్చింది, పాత నంబరు ఉంటే ఆ మెసేజ్ ఇంకెవరికో పోతుంది. 17వ తేదీ సోమవారం క్లోజ్ చేశారు.

డిసెంబరు 31న వడ్డీ పడ్డాక నిల్వ 20,864 రూపాయలు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 16 దాకా 47 రోజులు, వడ్డీ రేటు 3 శాతం. అంటే 20,864ని 3 శాతంతో, 47తో గుణించి 365తో భాగిస్తే 80 రూపాయల 60 పైసలు, వాళ్లు 81 వేశారు. మొత్తం 20,945. నెఫ్ట్ ఛార్జీ 5 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 90 పైసలు పోగా 20,939 రూపాయల 10 పైసలు అమ్మ కొత్త ఖాతాలో పడ్డాయి. శాఖలో చేయించే నెఫ్ట్‌కి పదివేలు దాటి లక్ష వరకు 5 రూపాయలకి మించి తీసుకోకూడదు. ఏడాది దాటిన ఖాతాకి క్లోజర్ ఛార్జీ చాలా బ్యాంకులు తీసుకోవు, కోస్తే అది ఏ షెడ్యూల్ ప్రకారమో చూపించమని అడగండి. మీ లెక్క పది ఇరవై రూపాయలు అటూ ఇటూ అయితే రేటు మధ్యలో మారి ఉంటుంది, వందల్లో తేడా ఉంటే స్టేట్‌మెంట్ పట్టుకుని వరసగా చూడండి, చాలాసార్లు కార్డు ఛార్జీనో మినిమమ్ బ్యాలెన్స్ పెనాల్టీనో ఉంటుంది. పెనాల్టీ తేదీ ఖాతా డార్మెంట్ అయ్యాక ఉంటే అది తిరిగి వెయ్యాల్సిందే.

వడ్డీ ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చూపించాల్సినవాళ్లు వడ్డీ సర్టిఫికెట్ కూడా అప్పుడే తీసుకోండి, ఖాతా మూసేశాక నెట్ బ్యాంకింగ్‌లో కనిపించదు.

ధ్రువీకరణ కాగితం అంటే ఏది

డబ్బు పడింది కదా అని వదిలెయ్యకండి. బ్యాలెన్స్ మొత్తం యూపీఐలో పంపేసుకుని ఖాతా క్లోజ్ అయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నిల్వ సున్నా అయినా ఖాతా తెరిచే ఉంటుంది, అది క్లోజర్ కాదు. ఎస్ఎంఎస్ కూడా సరిపోదు, అందులో మొత్తం ఖాతా నంబరు ఉండదు, ఫోన్ మారితే పోతుంది.

చేతికి రావాల్సింది బ్యాంకు లెటర్‌హెడ్ మీద గానీ సీలుతో గానీ ఉన్న ఒక పేజీ. అందులో మీ పేరు, పూర్తి ఖాతా నంబరు, మూసిన తేదీ, పంపిన మొత్తం, యూటీఆర్, నిల్వ సున్నా అని ఉండాలి. యూటీఆర్ అంటే డబ్బు పంపినప్పుడు పడే రిఫరెన్స్ నంబరు, నెఫ్ట్‌ది పదహారు అక్షరాలు ఉంటుంది, ఆ నంబరు చెప్తే డబ్బు చేరాల్సిన బ్యాంకు వాళ్లు కూడా వెతికి పెడతారు. మాకు ముందు "ఖాతా క్లోజ్ అయింది" అని ఒక్క లైను రాసిచ్చారు, తేదీ లేదు, అమౌంట్ లేదు, తిరిగిచ్చి ఉత్తరంలో అడిగిన వివరాలు చూపించాను, పది నిమిషాల్లో మళ్లీ ప్రింట్ తీసి ఇచ్చారు.

ఇవ్వకపోతే బ్యాంకు వెబ్‌సైట్‌లో కంప్లైంట్ పెట్టండి, ముద్ర వేసిన కాపీ ఫొటో జతచెయ్యండి. కంప్లైంట్ నంబరు రాసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు, 14448 కి ఫోన్ చేసినా ఎలా పెట్టాలో చెప్తారు. బ్యాంకుకి ముందు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం తిప్పి పంపేస్తారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే ఉండిపోయుంటే, ఆ డబ్బు మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి పంపమని రాయండి, ఎన్‌ఆర్‌ఈకి నేరుగా పంపమంటే ఉత్తరం తిప్పి పంపుతారు. వీడియో కేవైసీ కుదురుతుందో లేదో మీ బ్యాంకుని ముందే అడగండి, కుదరకపోతే సెలవులకి వచ్చినప్పుడు మొదటి వారంలోనే శాఖకి వెళ్లండి, తిరుగు టికెట్‌కి రెండు రోజుల ముందు వెళ్తే మూడు పనిదినాలు కూడా చేతిలో ఉండవు.

క్లోజ్ అయిన నెల తర్వాత మైఆధార్‌లో సీడింగ్ ఒకసారి, కొత్త ఖాతా స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి. అమ్మ ధ్రువీకరణ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ పాత పాస్‌బుక్ ఉన్న బీరువా అరలోనే పెట్టుకుంది.